ఎవరితో ఎవరిని పరుగెత్తించాలి: అందరూ ఆడే స్పోర్ట్స్ డేకి తొమ్మిది వారాల ఏర్పాట్లు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గర్లో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలు. 260 మంది పిల్లలు. నేను పీఈటీని. పిల్లల్లో 11 మందికి వైకల్యం ఉంది. ఇద్దరికి చూపు బాగా తక్కువ, ముగ్గురికి వినపడదు, ఇద్దరు వీల్‌చైర్‌లో వస్తారు, ఒకబ్బాయికి సెరిబ్రల్ పాల్సీ, వాకర్ పట్టుకుని నడుస్తాడు. మిగతా ముగ్గురికి మేధో వైకల్యం, వాళ్ళలో ఒకరికి డౌన్ సిండ్రోమ్. పోయినేడు ఆటల పోటీలన్నీ అయ్యాక ఈ పిల్లలకు నిమ్మకాయ చెంచా పందెం పెట్టి అందరికీ ఒకటే బహుమతి ఇచ్చాం. ఒక తల్లి వచ్చి "మావోడు ఎవురి మింద గెలిచినాడు మేడం?" అని అడిగితే నాకు జవాబు దొరకలేదు. ఈసారి డిసెంబరు 3న, దివ్యాంగుల దినోత్సవం రోజు, అందరికీ కలిపి సరిగ్గా చేయాలనుకుంటున్నాం. ఏయే ఆటలు పెట్టాలి, ఏ వారం ఏం చేయాలి?

సమాధానం: మేడం గారూ, ముందు తేదీ మార్చండి. మన జిల్లాకు ఏడాదిలో పడే వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు రెండు రోజులూ నెల్లూరు వైపు కుండపోత. ఆ రోజుల్లో వాన ఆగినా నేల ఆరదు. తడి నేల మీద మామూలు పిల్లవాడు జారితే లేచి మళ్ళీ పరుగెత్తుతాడు. వాకర్ జారితే మాత్రం ఆ పిల్లవాడికి పెద్ద దెబ్బే తగులుతుంది. ఫిబ్రవరి మొదటి వారం పెట్టుకోండి. అప్పటికి వానలు వెళ్ళిపోతాయి, ఎండలు ముదరవు, పదో తరగతి పరీక్షలకూ ఇంకా టైం ఉంటుంది. డిసెంబరు 3ను మాత్రం వదలొద్దు. ఆ రోజు క్లాసులోనే పేర్లు తీసుకోవడం మొదలుపెట్టండి. అక్కడి నుంచి ఫిబ్రవరి మొదటి వారానికి తొమ్మిది వారాలు. మధ్యలో సంక్రాంతి సెలవులు పోగా మీ చేతికి వచ్చేది ఏడున్నర వారాలే. అది సరిపోతుంది.

ఇక అసలు విషయం. ఆ తల్లి అడిగిన ప్రశ్న చుట్టూనే మీ ఏర్పాటంతా జరగాలి. పందెమంటే తనతో సరితూగే వాళ్ళతో తలపడటం. పిల్లల్ని వైకల్యం పేరు మీద విడగొట్టి, చూపు లేనివాళ్ళకు ఒకటి, వినపడనివాళ్ళకు ఒకటి అని పెడితే ఒక్కో పందెంలో ఇద్దరో ముగ్గురో మిగులుతారు. వాళ్ళ మధ్య కూడా తేడా ఎక్కువే ఉంటుంది. వినపడని అమ్మాయి మీ స్కూల్లో అందరికంటే వేగంగా పరుగెత్తగలదు. ఆమెకు కావాల్సింది కనిపించే స్టార్ట్ మాత్రమే, వేరే పందెం కాదు. స్పెషల్ ఒలింపిక్స్‌లో దీనికి ఒక పద్ధతి ఉంది. ముందుగా అందరికీ ట్రయల్ పెట్టి టైం తీస్తారు. దగ్గర దగ్గర టైములున్న వాళ్ళను ఒక గుంపు చేస్తారు. గుంపులో ముగ్గురికి తక్కువ కాకుండా, ఎనిమిది మందికి మించకుండా చూస్తారు. అందులో అందరికంటే వేగమైన టైముకీ, నెమ్మదైన టైముకీ మధ్య తేడా 15 శాతం లోపు ఉండాలన్నది అక్కడి లెక్క. అది మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పుట్టిన పద్ధతే అయినా, మీ 260 మందికీ అదే వాడండి. వైకల్యం లేకపోయినా ఎప్పుడూ ఆఖరున వచ్చే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. వాళ్ళకు కూడా మొదటిసారి ఒక నిజమైన పోటీ దొరుకుతుంది.

లెక్క ఎలా వేస్తారో చూడండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల అబ్బాయిలు తొమ్మిది మంది 50 మీటర్ల ట్రయల్ పరుగెత్తారనుకుందాం. వాళ్ళ టైములు సెకన్లలో 9.8, 10.4, 10.9, 13.2, 14.0, 14.9, 21.0, 23.5, 34.0. మొదటి టైమును 1.15తో హెచ్చవేస్తే 11.27. ఆ లోపు ఉన్నది ముగ్గురు, వాళ్ళు మొదటి హీట్, అంటే ఒకేసారి పరుగెత్తే గుంపు. అందులో 9.8 వినపడని అబ్బాయిది కావచ్చు. తర్వాత 13.2ను హెచ్చవేస్తే 15.18. ఆ లోపు మళ్ళీ ముగ్గురు. గైడ్‌తో పరుగెత్తే చూపు తక్కువ అబ్బాయి, ఆయాసం ఉన్న ఒక మామూలు అబ్బాయి, డౌన్ సిండ్రోమ్ ఉన్న అబ్బాయి ఒకే హీట్‌లో పడ్డారన్నమాట. వాళ్ళలో ఎవరు గెలుస్తారో ముందుగా ఎవరూ చెప్పలేరు.

మూడో గుంపులో చిక్కు వస్తుంది. 21.0ను హెచ్చవేస్తే 24.15. 23.5 అందులో ఇమిడింది గానీ, వాకర్‌తో నడిచే అబ్బాయి 34.0 ఇమడదు. ఇలాంటప్పుడు గీతను ముందుకు జరపండి. మిగతా ఇద్దరి సగటు సుమారు 22 సెకన్లు. ఆ 22 సెకన్లలో ఇతను ఎంత దూరం నడుస్తాడు? 50ని 22తో హెచ్చవేసి 34తో భాగిస్తే 32 మీటర్ల చిల్లర. కాబట్టి ఇతని స్టార్ట్ గీత ముగింపుకు 32 మీటర్ల దూరంలో గీయండి. వాళ్ళు 50, ఇతను 32, ముగ్గురూ ఒకేసారి బయల్దేరతారు. ఈ సంగతి పందెం రోజు మైకులో చెబితే జాలి చూపించినట్టుంటుంది. రెండు వారాల ముందే ముగ్గురినీ కూర్చోబెట్టి లెక్క బోర్డు మీద వేసి చూపించండి. ఆ 32 మీటర్లకు ఇంకోసారి ట్రయల్ తీసి సరిచూసుకోండి, ఎందుకంటే వాకర్‌తో నడిచేవాళ్ళు చివరి పది మీటర్లలో అలసిపోతారు. దూరం తగ్గితే వేగం పెరగొచ్చు.

ట్రయల్ విషయంలో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, పిల్లలు ట్రయల్లో కావాలని నెమ్మదిగా పరుగెత్తి అసలు రోజు తేలిక హీట్‌లో గెలవడం. స్పెషల్ ఒలింపిక్స్‌లో దానికి కట్టడి ఉంది. స్కూల్లో అంత అక్కర్లేదు. రెండు వేరువేరు రోజుల్లో ట్రయల్ తీసి మంచి టైమునే లెక్కలోకి తీసుకోండి, చాలు. రెండోది, ఒకే స్టాప్‌వాచ్‌తో ఒకేసారి ఆరుగురికి టైం తీయబోవడం. అది కుదరదు. నెమ్మదిగా వచ్చేవాళ్ళ టైములు అందాజుగా రాసేస్తారు, గుంపులు తప్పుతాయి. ట్రయల్లో ఒకసారికి ఇద్దరే, ఇద్దరికీ చెరొక స్టాప్‌వాచ్. ఫోన్‌లో ఉన్న స్టాప్‌వాచ్ అయినా ఫరవాలేదు.

ఆటలు నాలుగు చాలు. 50 మీటర్ల పరుగు, కూర్చుని విసిరే మెత్తటి బంతి, బోచ, చివరగా అందరూ కలిసిన రిలే. ఒక్కో పిల్లవాడు రెండు ఎంచుకోవచ్చని చెప్పండి. నిమ్మకాయ చెంచా తీసేయండి. చేతులు వణికే పిల్లవాడిని చేతుల స్థిరత్వంతోనే పరీక్షించే ఆట అది. సంచి కట్టుకుని గెంతే పందెం కూడా వద్దు.

బోచ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లలు మిగతావాళ్ళతో సమానంగా ఆడగలిగే ఆట ఇంతకంటే మంచిది లేదు. పారాలింపిక్స్‌లో ఉన్న ఆట. తెల్ల బంతి ఒకటి, ఎర్రవి ఆరు, నీలివి ఆరు. ఎర్ర బంతులవాళ్ళు తెల్ల బంతిని కోర్టులోకి విసిరి, వెంటనే తమ మొదటి ఎర్ర బంతి వేస్తారు. తర్వాత నీలివాళ్ళు ఒకటి. అక్కడి నుంచి తెల్ల బంతికి ఎవరి బంతి దూరంగా ఉందో వాళ్ళే వేస్తూ పోవాలి. పన్నెండూ అయ్యాక, తెల్ల బంతికి అన్నిటికంటే దగ్గరున్న బంతి ఎవరిదో వాళ్ళకే పాయింట్లు. అవతలివాళ్ళ బంతుల్లో దగ్గరి దానికంటే ఇంకా దగ్గరగా వీళ్ళవి ఎన్ని ఉంటే అన్ని. నిలబడినా, కుర్చీలో కూర్చున్నా, చేత్తో విసిరినా, కాలితో నెట్టినా తేడా లేదు.

బంతులు కొనక్కర్లేదు. అసలు బంతి చుట్టుకొలత 27 సెంటీమీటర్లు, బరువు 275 గ్రాములు. ఆ సైజు గుండ్రంలో జొన్నలు దట్టించి నింపితే బరువు దాదాపు అంతే వస్తుంది. ఇసుక నింపితే అదే సైజుకు అరకిలో దాకా పోతుంది, బలం తక్కువున్న చెయ్యి దాన్ని ఎత్తలేదు. జొన్నలు ఒక రోజు ఎండలో పోసి, పలచటి ప్లాస్టిక్ సంచిలో కట్టి, పాత సాక్సులో దూర్చి, బిగుతుగా గుండ్రంగా కుట్టండి. రంగు గుడ్డ పైన తొడగండి. పదమూడు బంతులు, రెండు అదనం కలిపి జొన్నలు నాలుగు కిలోలకు కాస్త పైన పడతాయి. ఎలుకలు కొరక్కుండా స్టీలు డబ్బాలో పెట్టండి. అసలు కోర్టు 12.5 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. ఇంట్లో కుట్టిన బంతి అంతదూరం దొర్లదు కాబట్టి 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు చాలు. గచ్చు మీద సుద్దతో గీయండి. తెల్ల బంతి కనీసం 3 మీటర్ల అవతల పడాలని నియమం పెట్టుకోండి.

చేత్తో విసరలేని పిల్లలకు ర్యాంప్ కావాలి. ప్లంబింగ్ సామాన్ల కొట్లో 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ఐదడుగుల ముక్క తీసుకుని నిలువునా రెండుగా కోయించండి. రెండు ర్యాంపులు వస్తాయి. అంచులు గీరుకోకుండా గరుకు కాగితంతో రుద్ది, టేపు చుట్టండి. పై అంచు కుర్చీ వీపుకో స్టూలుకో కట్టి, కింది అంచు నేలకు ఆనించాలి. బంతిని ఎంత పైనుంచి వదిలితే అంత దూరం పోతుంది. ఏ ఎత్తు నుంచి వదలాలో, ర్యాంప్ ఎటు తిప్పాలో ఆడే పిల్లవాడే చెప్పాలి, చూపుతోనో తల ఊపుతోనో సరే. ర్యాంప్ తిప్పే సహాయకుడు కోర్టు వైపు వీపు పెట్టి కూర్చోవాలి, వెనక్కి చూడకూడదు. ఇది అసలు ఆట నియమమే. ఇది పాటించకపోతే ఆడేది సహాయకుడే అవుతాడు. బంతి వదులుగా కుట్టి ఉంటే పైపు మధ్యలోనే ఆగిపోతుంది. అలా ఆగితే ఏటవాలు పెంచడం కాదు, బంతి విప్పి ఇంకాస్త బిగించి కుట్టాలి.

మైదానం సంగతి. తీరం పక్క స్కూళ్ళలో నేల చాలావరకు ఇసుకే. వీల్‌చైర్ ముందు చక్రాలు చిన్నవి, ఇసుకలో దిగబడతాయి, కుర్చీ ముందుకు వాలుతుంది. వీల్‌చైర్ పందెం వరండాలోనో, స్కూలు ముందు సిమెంటు రోడ్డు మీదో 25 మీటర్లు పెట్టండి. రోడ్డయితే ఆ గంట సేపు రెండు వైపులా బండ్లు ఆపించాలి. ఇద్దరే ఉన్నారు కదా, గుంపుకు ముగ్గురు కావాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మీ మండలంలో ఉండే భవిత కేంద్రంలో అడిగితే ఇంకో కుర్చీ దొరకొచ్చు. అందులో మామూలు పిల్లల్లో ఎవరైనా ఒకరు వారం రోజులు సాధన చేసి టైం ఇచ్చాక, ఆ హీట్‌లో చేరవచ్చు. కుర్చీ ఎవరు తోస్తున్నారనేది ముందే తేల్చండి. తానే చక్రాలు తిప్పుకునే పిల్లవాడినీ, ఇంకొకరు తోసే పిల్లవాడినీ ఒకే హీట్‌లో కలపొద్దు. బ్రేకులు, టైర్లలో గాలి, నడుం బెల్టు ఆ ఉదయం మళ్ళీ చూడాలి.

చూపు తక్కువ పిల్లలకు గైడ్‌గా వాళ్ళకంటే వేగంగా పరుగెత్తే స్నేహితుణ్ణి పెట్టండి. ఇద్దరి చేతుల మధ్య 30 సెంటీమీటర్లకు మించని మెత్తటి తాడు చాలు. గైడ్ లాగకూడదు, ముగింపు గీతను ముందుగా దాటకూడదు. చాలామంది గైడ్‌లు చివర్లో ఉత్సాహంతో ముందుకు దూకుతారు, అందుకే రెండు వారాల సాధన కావాలి. ఈ పిల్లలకు పక్క లేన్ ఖాళీగా వదలండి. స్టార్టర్ పిల్లల వెనక కాకుండా, ముందువైపు పక్కగా నిలబడి, ఎర్ర జెండా ఎత్తి, విజిల్ ఊదుతూ ఒక్కసారిగా దించాలి. ప్రతి హీట్‌కూ ఇలాగే. అప్పుడు వినపడని పిల్లలకు ప్రత్యేకంగా ఏదీ చేయాల్సిన పని ఉండదు.

వారాల లెక్క ఇది. డిసెంబరు మొదటి వారంలో పేర్లు, ఒక్కొక్కరికి ఒక కాగితం. అందులో జబ్బు పేరు కాకుండా పనికొచ్చే సంగతులు రాయాలి. 50 మీటర్లు ఎలా వెళ్తాడు, ఏ చేత్తో విసురుతాడు, పిలుపు వింటాడా చూస్తాడా, మూర్ఛ వస్తుందా, మాత్రలు ఏ వేళకు, బాత్రూముకు ఎవరి సాయం కావాలి. పిల్లవాడిని, ఇంట్లోవాళ్ళను ఇద్దరినీ అడగండి. వైకల్యం ఉన్న పిల్లల చదువు చూసే మీ మండలం ఐఈఆర్‌టీ టీచరును అప్పుడే కలుపుకోండి. ఈ పిల్లల సంగతి ఆమెకు తెలుసు, భవిత కేంద్రానికి వచ్చే ఫిజియోథెరపిస్టుతో మాట్లాడి ఎవరికి ఏది వద్దో చెప్పించగలదు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో కొందరికి మెడ పైభాగంలో ఎముకల పట్టు సడలి ఉంటుంది. ముందుకు పల్టీలు, హైజంప్ లాంటివి డాక్టరు సరేననే దాకా ఆ పిల్లవాడి చేత చేయించొద్దు.

డిసెంబరు మూడు, నాలుగు వారాల్లో వానలు ఎలాగూ బయటికి రానివ్వవు. వరండాలో బంతులు కుట్టించండి, ర్యాంపులు చేయించండి, బోచ నేర్పండి. జనవరి మొదటి వారం మొదటి ట్రయల్. సెలవులు అయి స్కూలు తెరిచిన వెంటనే రెండోది. సెలవుల్లో పిల్లలు ఊళ్ళకు పోయి తిరిగొచ్చేసరికి సాధన తగ్గుతుంది, అందుకే రెండూ సెలవులకు ముందే ముగించొద్దు. రిపబ్లిక్ డే నాటికి హీట్‌ల జాబితా గోడ మీద అతికించాలి. జనవరి ఆఖరి వారంలో ఒక పూట పూర్తి రిహార్సల్, మైకుతో సహా. మీ పిల్లల్లో ఎవరికి పెద్ద చప్పుడు పడదో అప్పుడే తెలుస్తుంది. వాళ్ళ కోసం మైకుకు దూరంగా ఒక గది, చాప, నీళ్ళు, తెలిసిన టీచరు ఒకరు. డీజే బాక్సులు, బుడగలు పగలగొట్టడాలు మానేయండి.

ఆ రోజు టైం. 130 మంది పరుగు ఎంచుకున్నారనుకుంటే, హీట్‌కు అయిదుగురి చొప్పున 26 హీట్‌లు. ఒక్కో దానికి మూడు నిమిషాలు, గైడ్‌లు వాకర్లు ఉన్న నాలుగైదింటికి ఆరేసి. మొత్తం గంటన్నర దాటుతుంది. ఎనిమిదిన్నరకు మొదలుపెడితే పదింబావు. హీట్‌ల వరుస చీటీలు తీసి నిర్ణయించండి. నెమ్మది హీట్‌లన్నీ చివర్న వస్తే జనం అప్పటికే వెళ్ళిపోతారు. పోయినేడు మీకు జరిగింది అదే. అదే సమయంలో వరండాలో రెండు బోచ కోర్టులు నడవాలి. ఒక్కో మ్యాచ్‌లో పన్నెండు బంతుల ఆట రెండుసార్లు, పదిహేను నిమిషాలు. రెండు గంటల్లో పదహారు మ్యాచ్‌లు అవుతాయి. విసిరే ఆటకు పదిన్నర నుంచి గంట. రిలే పదకొండున్నరకు, నలుగురు జట్టులో ట్రయల్ టైములు కూడితే అన్ని జట్లకూ దాదాపు ఒకటే వచ్చేలా పేర్లు వేయండి. పన్నెండున్నరకు మధ్యాహ్న భోజనం. ఎండ ముదిరే లోపు అయిపోవాలి. ఇది జరిగే లెక్కే గానీ, హీట్‌ల మధ్య ఉపన్యాసాలు వస్తే జరగదు. అతిథులకు రిలే తర్వాత అయిదు నిమిషాలు ఇవ్వండి.

మూర్ఛ వస్తుందని కాగితంలో రాసిన పిల్లలు మాత్ర వేసుకున్నారా, రాత్రి నిద్రపోయారా అని ఉదయమే అడగండి. మూర్ఛ వస్తే పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పి, తల కింద మెత్తటిది పెట్టి, టైం చూడండి. చేతిలో తాళాలు పెట్టనివ్వొద్దు, నోట్లో ఏదీ పెట్టొద్దు, కాళ్ళు చేతులు అదిమి పట్టొద్దు. అయిదు నిమిషాలు దాటితే 108. ఈ మాటలు ముందురోజు వాలంటీర్లందరికీ చెప్పాలి, ఎందుకంటే తాళాలు తెచ్చే పెద్దవాళ్ళు జనంలో తప్పకుండా ఉంటారు.

బహుమతులు ప్రతి హీట్‌కూ ఒకటి, రెండు, మూడు స్థానాలకు. అందరికీ ఒకేలాంటి బహుమతి మాత్రం వద్దు. సర్టిఫికెట్ మీద స్థానంతో పాటు ఆ హీట్‌లోని వాళ్ళ పేర్లు, ట్రయల్ టైం, ఆ రోజు టైం అన్నీ రాయండి. అప్పుడు ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు ఆమె చేతిలోని కాగితమే చెబుతుంది: ఏ హీట్‌లో, ఎవరెవరి మీద, ఎంత టైములో. మర్నాడే ఈ టైములన్నీ ఒక రిజిస్టరులో ఎక్కించి హెడ్‌మాస్టరు సంతకం తీసుకోండి. మీకు బదిలీ అయినా వచ్చే ఏడు ట్రయల్స్‌కు ఆ రిజిస్టరే పనికొస్తుంది.